ఫోన్ కెమెరా వద్దని పిలుపులోనే చెప్పడం: ఒక చిన్న పెళ్లి కేస్ స్టడీ

ఆహ్వానాలకు మాటలు రాయడం నా పని. ఈ కేసులో కార్డు డిజైన్ ఎప్పుడో అయిపోయింది. తేదీ, వేళ, చోటు అన్నీ కుదిరాయి. ఒక్క వాక్యం దగ్గర అంతా ఆగిపోయింది. ఫోటోలు తీయొద్దని, ఎక్కడా పెట్టొద్దని చెప్పాలి, కానీ వచ్చేవాళ్ళు నొచ్చుకోకూడదు. రెండు కుటుంబాలు కలిపి 45 మంది, అందరూ దగ్గరివాళ్ళే. దగ్గరివాళ్ళు కావడమే ఇక్కడ చిక్కు, ఎందుకంటే ఫోన్ తీసి ఫోటో కొట్టే చనువు వాళ్ళకే ఉంటుంది. ఆ జంట అనుమతితోనే ఇది రాస్తున్నాను. వాళ్ళను గుర్తుపట్టగల వివరాలు మార్చాను.

వాళ్ళు రాసి తెచ్చుకున్న వాక్యం ఇది:

"వేడుక గోప్యత దృష్ట్యా ఫోటోలు, వీడియోలు తీయుట మరియు సామాజిక మాధ్యమాలలో ప్రచురించుట నిషేధించడమైనది. మీ సహకారానికి ధన్యవాదములు."

వ్యాకరణం బాగానే ఉంది. అయితే ఈ వాక్యంలో అడిగే మనిషి లేడు. ఎవరు నిషేధించారు? "నిషేధించడమైనది" అనేది ఆఫీసు గోడ మీద నోటీసు మాట. మేనమామకు పంపే పెళ్లిపిలుపులో అది కనిపిస్తే, ఆయన ముందు ఆ గొంతుకే నొచ్చుకుంటాడు, అసలు విషయం తర్వాత. "గోప్యత" ఇంకో తలనొప్పి. దాచాల్సింది ఏదో ఉందని మనమే చెప్పినట్టవుతుంది, దాంతో ఆరా మొదలవుతుంది. చివర్లో వచ్చే "సహకారానికి ధన్యవాదములు" అయితే, వాళ్ళు ఒప్పుకున్నారని మనమే తేల్చేసి చెప్పే థాంక్స్.

మాటలు మార్చే ముందు ఇద్దరినీ విడివిడిగా ఒక ప్రశ్న అడిగాను: "ఏ ఒక్కటి జరిగితే మీకు నిజంగా బాధ?" ఈ ప్రశ్న అడగకుండా నేను ఏ వాక్యమూ మొదలుపెట్టను. ఫోటోలు వద్దు అనే మాట వెనక చాలాసార్లు రెండు మూడు వేర్వేరు కోరికలు కలిసిపోయి ఉంటాయి. ఇక్కడ సరిగ్గా అదే జరిగింది.

పెళ్లికూతురి బాధ పిలవనివాళ్ళ గురించి. చిన్న పెళ్లి కాబట్టి ఎంతోమంది బంధువుల్ని, ఆఫీసువాళ్ళని పిలవలేదు. వాళ్ళందరికీ పెళ్లయ్యాక తానే స్వయంగా ఫోన్ చేసి చెప్పాలనుకుంది. ఈలోగా ఎవరి స్టేటస్‌లోనో చూసి తెలుసుకుంటే బాగుండదు. అంటే ఆమెకు ఫోటో తీసినా ఫర్వాలేదు, బయటికి వెళ్ళకపోతే చాలు, అదీ కొన్నాళ్ళే.

పెళ్లికొడుకు సంగతి వేరు. వాళ్ళమ్మగారు పెద్ద చికిత్స తీసుకుని ఈమధ్యే కోలుకుంటున్నారు. మనిషి బాగా మారిపోయారు. ఆ రూపం ఎవరి ఫోన్‌లోనూ ఉండిపోకూడదని ఆమె కోరిక. ఇక్కడ బయట పెట్టడం సంగతి తర్వాత, తీయడమే వద్దు. గడువు కూడా లేదు, ఎప్పటికీ వద్దు. పైగా ఈ కారణం కార్డు మీద రాయడానికి లేదు. "నా పేరు ఎక్కడా రాకూడదు నాన్నా" అని ఆమె ముందే చెప్పారట.

ఈ రెండు కోరికల్నీ ఒకే వాక్యంలో ఇరికించడం వల్లే మొదటి వాక్యం అంత బరువెక్కింది. నేను వాటిని విడదీశాను. తీయొద్దన్న మాట పిలుపులో ఉండాలి. బయట పెట్టొద్దన్న మాట ఫోటో చేతికొచ్చే రోజున ఆ ఫోటోతో పాటే వెళ్ళాలి. పెళ్లిలో ఎవరూ ఫోటో తీయకపోతే, ఆ రోజు పెట్టడానికి వాళ్ళ దగ్గర ఏమీ ఉండదు. ఫోటోలు మనమే పంపుతాం కాబట్టి, పెట్టే ప్రశ్న వచ్చేది అప్పుడే. ఇలా చూస్తే పిలుపులో అడగాల్సింది ఒక్కటే మిగులుతుంది. అడిగేది ఒక్కటైతే మాట తేలికవుతుంది.

ఈలోగా పెళ్లికూతురి స్నేహితురాలు ఒకామె ప్రాస కుదిరేలా ఒక వాక్యం పంపింది: "ఫోన్లు పక్కన పెట్టండి, మనసులు దగ్గర చేయండి." ఇలాంటివి ఇప్పుడు ప్రతి కార్డులో కనిపిస్తున్నాయి. చదివినవాళ్ళు "భలే ఉంది" అంటారు, తర్వాత ఫోన్ తీసి ఆ కార్డునే ఫోటో కొడతారు. అందులో ఫలానా పని చేయొద్దన్న మాటే లేదు కాబట్టి అలంకారంగానే మిగిలిపోతుంది. నిజంగా పాటించాలనుకునే మనవిని కవితలో పెట్టకూడదని నా అభిప్రాయం.

నేను రాసిన మొదటి చిత్తు ఇలా ఉంది:

"మీకో చిన్న మనవి. పెళ్లి జరిగేటప్పుడు దయచేసి ఫోటోలు, వీడియోలు తీయవద్దు. మీ ఫోటో మేమే తీయించి పంపుతాం."

దీన్ని జంటకు చూపించే ముందు, పెళ్లితో సంబంధం లేని కొందరికి చదివి వినిపించాను. వాళ్ళలో పెద్దవాళ్ళున్నారు, కాలేజీ పిల్లలున్నారు, ఫోన్ అంటే ఒక్క వాట్సాపే అనుకునేవాళ్ళున్నారు. "బాగుందా?" అని అడిగితే అందరూ బాగుందనే అంటారు, దానివల్ల ఉపయోగం లేదు. నేను అడిగేది ఇది: "ఇది చదివి మీరు వెళ్ళారనుకోండి. అక్కడ ఏం చేయొచ్చు, ఏం చేయకూడదు?" వాళ్ళ జవాబుల్లో చిత్తుకున్న చిల్లులన్నీ కనిపించాయి.

ఒక పెద్దాయన, "తీయను. కానీ దూరంగా ఉన్న మా అమ్మాయికి వీడియో కాల్‌లో చూపిస్తా, అది తీయడం కాదుగా" అన్నారు. ఆయన అన్నది న్యాయమే, వీడియో కాల్‌ను ఎవరూ తీయడం అనరు. కానీ అవతలివాళ్ళు స్క్రీన్‌షాట్ కొడితే అదీ ఫోటోనే. ఒకావిడ, "మేమిద్దరం ఓ సెల్ఫీ దిగుతాం, అంతే" అంది. మనకు ఫోటో తీయడం వేరు, దిగడం వేరు. తీయొద్దంటే ఎదుటివాళ్ళను తీయొద్దని ఆమెకు అర్థమైంది, తాను దిగడం అందులోకి రాదు. ఒక కుర్రాడు, "పెళ్లి జరిగేటప్పుడు తీయను, భోజనాల దగ్గర తీసుకుంటా" అన్నాడు. అబ్బాయి వాళ్ళమ్మగారు అందరి మధ్య ఎక్కువసేపు కూర్చునేది భోజనాల దగ్గరే. "పెళ్లి జరిగేటప్పుడు" అన్న మాటతో నా చిత్తే తలుపు తెరిచి పెట్టింది.

దిద్దడానికి సులువైన దారి జాబితా రాయడం: ఫోటోలు, వీడియోలు, సెల్ఫీలు, వీడియో కాల్స్, లైవ్‌లు. కానీ జాబితా పెరిగేకొద్దీ అనుమానం పెరుగుతుంది, వచ్చేవాళ్ళ చేతులు కట్టేసినట్టుంటుంది. ఎంత పొడుగు రాసినా అందులో లేని పని ఒకటి మిగిలిపోతుంది. అందుకని పని పేరు వదిలేసి పనిముట్టు పేరు పెట్టాను. "ఫోన్ కెమెరా వాడొద్దు" అంటే ఇవన్నీ అందులోకి వచ్చేస్తాయి. ఫోన్ మాట్లాడుకోవడానికి మాత్రం అడ్డు లేదు. ఇంట్లో చిన్నపిల్లల్నో పెద్దవాళ్ళనో వదిలి వచ్చినవాళ్ళకు ఆ తేడా ముఖ్యం. ఫోన్లే తేవొద్దంటే వాళ్ళు అసలు రాకపోవచ్చు.

రెండో మార్పు "మీరు" గురించి. "మీరు వాడవద్దు" అంటే చదివే మనిషికి వేలు తనవైపే చూపించినట్టు ఉంటుంది. "ఎవరూ వాడొద్దని మనవి" అంటే అది అందరి మాట అవుతుంది. ఇందులో ఇంకో లాభం ఉంది. పక్కనవాళ్ళు ఫోన్ ఎత్తితే, "ఎవరూ వద్దన్నారు కదా" అని పక్కమనిషే గుర్తుచేయగలడు.

మూడోది, అడిగేదెవరో తెలియాలి. చిత్తు విన్న ఒకావిడ వెంటనే, "ఇది అమ్మాయివాళ్ళ పట్టుదల అయ్యుంటుంది" అంది. ఇలాంటి మాట ఒక వైపు వాళ్ళదని అనిపించిందంటే రెండో వైపు వాళ్ళు దాన్ని తేలిగ్గా తీసుకుంటారు. అందుకే "మా ఇద్దరి మనవి" అని రాశాం.

"వీలైతే" అనే మాట పెడదామా అని పెళ్లికూతురు అడిగింది, మెత్తగా ఉంటుందని. నేను ఒప్పుకోలేదు. "వీలైతే వాడకండి" అంటే వీలుకాకపోతే వాడొచ్చనే. మెత్తదనం గొంతులో ఉండాలి, అడిగే విషయంలో ఉండకూడదు. "దయచేసి" కూడా చివరికి తీసేశాం. "మనవి" ఉన్నాక అది మళ్ళీ ఎందుకు?

చివరికి కార్డు మీదకు వెళ్ళిన మాట:

"వచ్చినప్పటి నుంచి తిరిగి బయల్దేరేదాకా ఎవరూ ఫోన్ కెమెరా వాడొద్దని మా ఇద్దరి మనవి. సెల్ఫీలు, వీడియో కాల్స్ కూడా వద్దు. మీ కుటుంబంతో కలిసి ఒక మంచి ఫోటో మేమే తీయించి, వారంలోగా మీకు పంపుతాం."

పనిముట్టు పేరు చెప్పాక కూడా సెల్ఫీ, వీడియో కాల్ అని విడిగా ఎందుకు రాశామంటే, చదివి వినిపించినప్పుడు అందరూ జారింది ఆ రెండు చోట్లే. మిగతావి చెప్పకపోయినా అర్థమవుతున్నాయి. మూడో వాక్యం అతిథులకు మేం ఇచ్చే బదులు. ఫోటో వద్దంటే మనిషికి కలిగే మొదటి దిగులు, ఆ రోజు తాను అక్కడున్నట్టు గుర్తేమీ మిగలదని. ఆ దిగులు తీర్చకుండా ఎంత మర్యాదగా అడిగినా చాటుగా ఒకటి కొట్టేస్తారు. బదులు ఇచ్చేటప్పుడు "తర్వాత పంపుతాం" అంటే ఎవరూ నమ్మరు. గడువు రాయాలి, రాసిన గడువులోగా పంపాలి.

కారణం సంగతి మిగిలింది. చెప్పగలిగిన కారణమైతే కార్డు మీద రాయడమే మంచిది. "మా పాప ఫోటోలు ఆన్‌లైన్‌లో పెట్టకూడదని అనుకున్నాం" అని రాస్తే ఎవరూ ఎదురు ప్రశ్న వేయరు. ఇక్కడ ఆ వీలు లేదు. ఏదో ఒక అబద్ధం రాద్దామని పెళ్లికొడుకు అన్నాడు, ఫోటోగ్రాఫర్‌కు అడ్డొస్తారని రాస్తే సరిపోతుంది కదా అని. ఫోటోగ్రాఫర్ భోజనాల దగ్గర లేనప్పుడు ఆ అబద్ధం నిలబడదు. "మా కారణాలు మాకున్నాయి" లాంటి మాటలు ఇంకా చెడ్డవి. కార్డు మీద కారణం రాయకుండా వదిలేశాం. ఎవరైనా అడిగితే చెప్పడానికి మాత్రం ఒక జవాబు ముందే అనుకున్నాం: "ఆ ఒక్కరోజు కెమెరాలు లేకుండా గడుపుదామనుకున్నాం పిన్నీ. నీ ఫోటో మాత్రం తప్పకుండా పంపిస్తా." ఇందులో అబద్ధం లేదు, సాగదీయడానికి చోటూ లేదు. రెండు కుటుంబాల వాళ్ళూ ఇదే జవాబు చెప్పాలని గట్టిగా చెప్పాను. ఒకరు ఒకటి, మరొకరు ఇంకొకటి చెప్పారంటే ఇక బంధువులే మూడో కారణం కనిపెడతారు.

ఆ మాట ఎక్కడ పెట్టాలన్నది కూడా రాతలో భాగమే. పిలుపు వాట్సాప్‌లో బొమ్మగా వెళ్తోంది. బొమ్మ తెరిచినవాళ్ళు తేదీ, చోటు చూసి మూసేస్తారు, కింద చిన్న అక్షరాలు ఎవరూ చదవరు. అందుకని మనవిని చోటు వివరాల కిందే, అదే సైజు అక్షరాల్లో పెట్టించాను. పెళ్లి ముందురోజు దారి చూపించే లింక్ పంపుతారు కదా, అదే మెసేజ్‌లో ఈ మూడు వాక్యాలూ మళ్ళీ వెళ్ళాయి. ఆ మెసేజ్‌ను బయల్దేరేటప్పుడు ప్రతి ఒక్కరూ తెరుస్తారు. లోపలికి వచ్చే చోట ఒక బోర్డు: "లోపల ఫోన్ కెమెరా వద్దు. మీ ఫోటో మేమే తీయిస్తాం." మూడు చోట్లా అసలు మాటలు అవే వాడాం. మాట మారిందంటే నియమం కూడా మారిందేమో అనుకుంటారు.

పంపే ముందు ఆఖరిసారి చదివించినప్పుడు, కాలేజీ అమ్మాయి ఒకతి, "ఈ కార్డు స్టేటస్ పెట్టుకోవచ్చా?" అని అడిగింది. ఫోటోల గురించి ఇంత రాసిన కార్డే ఒక బొమ్మ. అది బయటికి వెళ్తే పెళ్లికూతురు దేనికి భయపడిందో అదే పెళ్లికి ముందే జరిగిపోతుంది. దానికోసం కార్డుతో పాటు వెళ్ళే మెసేజ్‌లో ఒక మాట చేర్చాం: "ఈ కబురు మిగతావాళ్ళకు మేమే ఫోన్ చేసి చెప్తాం. అప్పటిదాకా ఈ కార్డు మీ దగ్గరే ఉంచండి. స్టేటస్‌లో పెట్టొద్దు, గ్రూపుల్లో పంపొద్దు."

ఇక్కడ "సోషల్ మీడియా" అనే మాట కావాలనే వాడలేదు. చాలామందికి సోషల్ మీడియా అంటే ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్. కుటుంబం గ్రూప్‌లో పంపడం వాళ్ళ లెక్కలో ఇంట్లో మాట్లాడుకోవడమే. స్టేటస్ 24 గంటల్లో పోతుంది కాబట్టి అదీ లెక్కలోకి రాదు. కానీ ఇలాంటి కబుర్లు ముందుగా పాకేది ఆ రెండిట్లోనే. జనం వాడే మాటల్లోనే అడగాలి: స్టేటస్‌లో పెట్టడం, గ్రూపులో పంపడం.

అతిథులకు చెప్పి ఊరుకుంటే సరిపోదు. ఫోటోగ్రాఫర్లు, మేకప్ చేసేవాళ్ళు, పూల అలంకరణవాళ్ళు తమ పనిని చూపించుకోవడానికి ఫోటోలు బయట పెడుతుంటారు. ఫోటోగ్రాఫర్ ఒప్పందంలో ఫోటోలను ప్రచారానికి వాడుకుంటామనే షరతు ఉందేమో చూడమన్నాను. ఉంది. దాన్ని కొట్టేయించి, జంట రాతపూర్వకంగా ఒప్పుకున్నవి తప్ప ఏదీ బయటికి వెళ్ళకూడదని రాయించుకున్నారు. ఇది వదిలేస్తే అతిథులకు మండుతుంది. మమ్మల్ని వద్దని వాళ్ళ చేత రీల్ పెట్టించారా అంటారు, ఆ తర్వాత వాళ్ళ చేతిలో ఉన్నదీ బయటికి వస్తుంది. పెళ్లికొడుకు వాళ్ళమ్మగారితో ఫోటోగ్రాఫర్ ముందే మాట్లాడాడు. ఆమె కూర్చునే వైపు కెమెరా తిప్పలేదు. ఇంటివాళ్ళతో ఒక్క ఫోటో మాత్రం, ఆమె సరే అన్నాక తీశాడు.

ఆ రోజు రెండు వైపుల నుంచీ ఒక్కొక్కరిని పెట్టుకున్నారు, అందరికీ తెలిసిన, అందరూ మాట వినే మనుషుల్ని. ఎవరైనా ఫోన్ ఎత్తితే "తీయొద్దండీ" అనకూడదని అనుకున్నాం. "బాబాయ్, అక్కడ కెమెరా దగ్గర దిగుదాం రండి" అని చేయి పట్టుకుని తీసుకెళ్ళాలి. కొన్నిసార్లు అవసరమైంది. ప్రతిసారీ మనిషి నవ్వుతూనే లేచాడట.

కబురు ముందే బయటికి వెళ్ళింది ఒక్కసారే. పెళ్లి సాయంత్రం ఒక పెద్దాయన, ఆ జంటది ఏడాది కిందటి పాత ఫోటో ఒకటి తీసి, దీవెనలతో స్టేటస్ పెట్టారు. ఆయన ఫోన్ కెమెరా వాడలేదు, కార్డూ పెట్టలేదు, రాసిన ప్రతి మాటా పాటించారు. పెళ్లికూతురు ఫోన్ చేసింది: "మామయ్యా, మీ దీవెన చూశాం, చాలా సంతోషం. మావాళ్ళలో ఇంకా కొందరికి నేను చెప్పలేదు. రెండు వారాలు ఆగి మళ్ళీ పెడతారా?" ఆయన వెంటనే తీసేశారు. ఈలోగా చూసినవాళ్ళు చూశారు, ఇద్దరికి ఆమె ఆ రాత్రే ఫోన్ చేయాల్సి వచ్చింది. దీన్ని కూడా ఆపేలా ఇంకో వాక్యం రాయగలిగేవాళ్ళమే, కానీ అప్పుడు అది పెళ్లిపిలుపులా ఉండేది కాదు. 45 మంది చేతుల్లో ఉన్న ఒక కబురును ఏ వాక్యమూ పూర్తిగా ఆపలేదు. బయటపడితే నిజంగా ప్రమాదం ఉన్న సందర్భమైతే, మాటల మీద ఆధారపడొద్దని, పిలిచేవాళ్ళ సంఖ్యే తగ్గించుకోమని చెప్తాను.

ఫోటోలు వారంలోగానే వెళ్ళాయి. అందరికీ ఒకే ఆల్బమ్ లింక్ పంపకుండా, ఏ కుటుంబం ఫోటో ఆ కుటుంబానికే విడిగా పంపమన్నాను. లింక్ అయితే ఎవరి చేతికైనా వెళ్తుంది, అందులో అందరి ముఖాలూ ఉంటాయి. మొదట విడదీసి పక్కన పెట్టిన రెండో కోరికకు చోటు ఇక్కడ దొరికింది. ప్రతి ఫోటోతో పాటు వెళ్ళిన మాట ఇది:

"ఆ రోజు మా మాట మన్నించినందుకు చాలా సంతోషం. ఇది మీ ఫోటో. మా మిగతావాళ్ళందరికీ ఈ నెలాఖరులోగా మేం ఫోన్ చేసి చెప్తాం. వచ్చే నెల ఒకటో తేదీ నుంచి మీకు నచ్చితే స్టేటస్‌లో పెట్టుకోండి."

తేదీ స్పష్టంగా ఉంది కాబట్టి, ఎప్పుడు పెట్టొచ్చని ఎవరూ ఫోన్ చేసి అడగలేదు. ఒకటో తేదీ పొద్దున్నే మొదటి స్టేటస్ పెట్టింది ఆ పెద్దాయనేనట.